మొగల్తూరు అని టైప్ చేసి చూడండి: ఫ్యూచురా, గిల్ సాన్స్ వర్గాలను పట్టించే అక్షరాలు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం లాంటి ఊళ్లలో ఫ్లెక్స్, సైన్ బోర్డు పని చేసే షాపులకు ఒక కోరిక తరచూ వస్తుంటుంది. "పాత బోర్డు మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలే కావాలి, వేరేవి వద్దు" అంటారు. పాత ఫైల్ మాత్రం ఉండదు. అది చేసిన డిజైనర్ వేరే ఊరు వెళ్లిపోయి ఉంటాడు, లేదా హార్డ్ డిస్క్ పోయి ఉంటుంది. చేతిలో ఉండేది వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఒక్కటే. అక్షరాలు సన్నగా, శుభ్రంగా, చివర్లలో ఏ ముడులూ లేకుండా, o గుండ్రంగా ఉంటాయి. ఫాంట్ మెనూలో అలాంటివి ఇరవై కనిపిస్తాయి. దగ్గరగా ఉందనిపించినది పెట్టేస్తారు. బోర్డు ఎక్కాక పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉంటే ఏదో తేడా ఉందని అందరికీ తెలుస్తుంది, అది ఎక్కడుందో చెప్పడమే కష్టం.

చాలాసార్లు ఆ తేడా రెండు వర్గాల మధ్య తేడా. ముడులు లేని ఈ ఫాంట్లను సాన్స్ సెరిఫ్ అంటారు. అందులో ఒక వర్గం జామెట్రిక్, అంటే వృత్తం, సరళరేఖల నుంచి కట్టినవి. ఫ్యూచురా, సెంచరీ గోథిక్, అవాంట్ గార్డ్ ఈ వర్గానివి. ఇంకో వర్గం హ్యూమనిస్ట్, అంటే కలం పట్టి రాసే చేతి కదలిక నుంచి వచ్చినవి. గిల్ సాన్స్, ఫ్రూటిగర్, కాలిబ్రి, ఓపెన్ సాన్స్ ఆ వర్గానివి. వర్గం తెలిస్తే వెతకాల్సిన ఇరవై పేర్లు మూడుకో నాలుగుకో దిగిపోతాయి. కాబట్టి పేరు వెతికేముందు వర్గం తేల్చుకోవాలి. దానికి అక్షరమాల మొత్తం అక్కర్లేదు, కొన్ని అక్షరాలు చూస్తే చాలు.

గోదావరి జిల్లాల్లో ఆ అక్షరాలన్నీ ఒక్క ఊరి పేరులోనే దొరుకుతాయి. నరసాపురం దగ్గరి మొగల్తూరును ఇంగ్లీషులో Mogalturu అని రాస్తారు. అందులో M, o, g, a, l, t, u, r ఉన్నాయి. రెండు వర్గాలనూ విడదీయడానికి ముఖ్యంగా కావాల్సినవి ఇవే. కోరల్‌డ్రాలో ఈ పేరు టైప్ చేసి, కాపీలు తీసి, ఒక్కోదానికి ఒక్కో ఫాంట్ పెట్టి ఒకదాని కింద ఒకటి పేర్చితే కింద చెప్పేదంతా కంటికే కనిపిస్తుంది.

పెద్దక్షరాలు ఎందుకు మోసం చేస్తాయి

ఈ గందరగోళం ఊరికే రాలేదు. ఈ రెండు వర్గాల్లో పేరున్న రెండు ఫాంట్లు ఒక్క ఏడాది తేడాతో వచ్చాయి. జర్మనీలో పాల్ రెన్నర్ గీసిన ఫ్యూచురాను ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బావర్ ఫౌండ్రీ 1927లో విడుదల చేసింది. ఎరిక్ గిల్ గీసిన గిల్ సాన్స్‌ను ఇంగ్లండ్‌లో మోనోటైప్ కంపెనీ 1928లో తెచ్చింది. గిల్ సాన్స్ పుట్టుక సైన్ బోర్డు పని చేసేవాళ్లకు దగ్గరగా ఉంటుంది. 1926లో బ్రిస్టల్‌లో డగ్లస్ క్లెవర్డన్ అనే ఆయన పుస్తకాల షాపుకు గిల్ బోర్డు రాశాడు, ముడులు లేని పెద్దక్షరాలతో. ఆ అక్షరాలు చూసిన స్టాన్లీ మోరిసన్ వాటిని మోనోటైప్ కోసం పూర్తి ఫాంట్‌గా చేయమని అడిగాడు. అంతకుముందు లండన్ భూగర్భ రైలు కోసం ఎడ్వర్డ్ జాన్‌స్టన్ 1916లో ఇచ్చిన అక్షరాల పనిలో కూడా గిల్ మొదట్లో చెయ్యి వేశాడు. జాన్‌స్టన్ కలం రాతకు గురువు. గిల్ ఆయన శిష్యుడు, రాతి మీద అక్షరాలు చెక్కినవాడు.

రెన్నర్ ఇంకో దారిలో వచ్చాడు. కంపాస్, స్కేలు చేసిన పని కనిపించాలన్నది ఆయన ఉద్దేశం. మొదటి నమూనాల్లో కొన్ని చిన్నక్షరాలు చాలా వింతగా ఉండేవి. అచ్చుకు వచ్చేసరికి వాటిని చదవడానికి వీలుగా మార్చారు.

దారులు వేరైనా పెద్దక్షరాల దగ్గర ఇద్దరూ ఒకే చోట ఆగారు, పాత రోమన్ శిలాశాసనాల కొలతల దగ్గర. అందుకే రెండింటిలోనూ O పెద్ద గుండ్రం, C, G, D వెడల్పు, E, F, L, S సన్నం. ఒక బోర్డు మీద మొత్తం పెద్దక్షరాల్లో NARSAPURAM అని ఉంటే ఫ్యూచురా, గిల్ సాన్స్ రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. O గుండ్రంగా ఉంది కాబట్టి ఇది జామెట్రిక్ అని చెప్పేవాళ్లు సరిగ్గా ఇక్కడే తప్పులో పడతారు. గిల్ సాన్స్ O కూడా దాదాపు గుండ్రమే.

ఇక చిన్నక్షరాలకు పాత రోమన్ శాసనాల్లో నమూనా లేదు, అప్పటికి ఆ అక్షరాలే లేవు. అవి తర్వాతి శతాబ్దాల్లో చేతిరాత నుంచి వచ్చాయి. రెన్నర్ ఆ చేతిరాత గుర్తులను తుడిచేశాడు, గిల్ ఉంచాడు. కాబట్టి తేడా చిన్నక్షరాల్లోనే బయటపడుతుంది.

a, u ముందు. g, t తర్వాత

Mogalturu లో మొదట చూడాల్సింది a. ఫ్యూచురాలో అది ఒక గుండ్రం, దాని కుడి పక్కన ఒక నిలువు గీత, అంతే. సెంచరీ గోథిక్, అవాంట్ గార్డ్‌లలో కూడా అంతే. దీన్ని ఒంటి అంతస్తు a అనుకోవచ్చు. గిల్ సాన్స్, కాలిబ్రి, ఓపెన్ సాన్స్‌లలో a కి పైన ఒక వంపు, కింద ఒక పొట్ట ఉంటాయి, అంటే రెండంతస్తుల a. నిటారుగా ఉన్న అక్షరాల్లో ఒంటి అంతస్తు a కనిపిస్తే జామెట్రిక్ వైపు గట్టిగా మొగ్గవచ్చు. నిటారుగా అన్న మాట ముఖ్యం. ఇటాలిక్‌లో చాలా హ్యూమనిస్ట్ ఫాంట్లకూ ఒంటి అంతస్తు a వస్తుంది, గిల్ సాన్స్ ఇటాలిక్ a అలాంటిదే. పక్కకు వాలిన అక్షరాల మీద ఈ పరీక్ష పనికిరాదు.

తిరగేసి మాత్రం చెప్పకూడదు. రెండంతస్తుల a కనిపించగానే హ్యూమనిస్ట్ అనేయడం చాలామంది చేసే పొరపాటు. అడ్రియన్ ఫ్రూటిగర్ 1988లో ఇచ్చిన అవెనీర్‌లో రెండంతస్తుల a ఉంది, కానీ దాని ఎముకలు జామెట్రిక్. ఇప్పుడు బోర్డుల్లో, సోషల్ మీడియా పోస్టర్లలో విరివిగా వాడే మోంట్‌సెరాట్ కూడా అంతే. బ్యూనస్ ఐరిస్‌లో అదే పేరున్న పేటలోని పాత బోర్డుల అక్షరాలు చూసి జూలియెటా ఉలనోవ్‌స్కీ దాన్ని గీశారు. కాబట్టి a ఒంటి అంతస్తుదైతే గట్టి సాక్ష్యం, రెండంతస్తులదైతే ఇంకా చూడాలి.

ఆ తర్వాత u. ఇది చిన్న తేడా, కానీ ఒకసారి కంటపడితే మళ్లీ తప్పిపోదు. మామూలు u కి కుడి వైపు నిలువు గీత కింది దాకా వస్తుంది, పొట్ట వచ్చి ఆ గీతలో కలుస్తుంది. కలంతో రాసేటప్పుడు చెయ్యి పైకి వెళ్లి మళ్లీ కిందికి దిగుతుంది కాబట్టి ఆ గీత మిగిలింది. గిల్ సాన్స్‌లో అది ఉంటుంది. ఫ్యూచురా u కి ఆ గీత ఉండదు. రెండు నిలువు గీతలు, కింద ఒక అర్ధవృత్తం, అంటే పెద్దక్షరం U నే చిన్నది చేసినట్టు. సెంచరీ గోథిక్‌లో కూడా ఆ గీత లేదు, అవాంట్ గార్డ్‌లో ఉంది. ఒకదానికొకటి కవలల్లా ఉండే ఈ రెండింటినీ విడదీసే ముఖ్యమైన ఆధారం ఇదే. అవాంట్ గార్డ్‌ను హెర్బ్ లుబాలిన్, టామ్ కార్నేస్ 1970లో తెచ్చారు. ఆ తర్వాత అది లేజర్ ప్రింటర్లలోకి వచ్చి బాగా పాకింది. దాని స్థానంలో పెట్టినా పేజీలోని లైన్లు కదలకుండా ఉండేలా, అక్షరాల వెడల్పులు సరిపోయేలా మోనోటైప్ 1991లో సెంచరీ గోథిక్ చేసింది. వెడల్పులు ఒకటే కాబట్టి అక్షరాల పొడవు కొలిచి ఈ రెండింటినీ విడదీయలేరు, u నే చూడాలి. ఎక్కడైనా i, j ఉంటే వాటి చుక్కలు కూడా చెబుతాయి. సెంచరీ గోథిక్ చుక్క గుండ్రంగా, కాస్త పెద్దగా ఉంటుంది. అవాంట్ గార్డ్ చుక్క గీత వెడల్పే ఉన్న చదరం.

మన ఊరి పేర్లు ఈ పరీక్షకు బాగా కలిసొస్తాయి. అమలాపురం, నరసాపురం, పాలకొల్లు, తణుకు, ఏ పేరు ఇంగ్లీషులో రాసినా a, u లలో కనీసం ఒకటి తప్పక ఉంటుంది, చాలావాటిలో రెండూ ఉంటాయి. పూతరేకుల డబ్బా మీద Putharekulu అని ఉంటే అందులో u మూడుసార్లు వస్తుంది, t, a కూడా ఉన్నాయి. పదం చివర్న ఉన్న u ని చూడటం తేలిక, ఎందుకంటే దాని కుడి పక్క ఖాళీ ఉంటుంది.

g కి వస్తే, గిల్ సాన్స్‌లో అది కళ్లజోడును నిలబెట్టినట్టు రెండు గుండ్రాలుగా ఉంటుంది. ఓపెన్ సాన్స్, కాలిబ్రిల్లో కూడా రెండు గుండ్రాలే. ఫ్యూచురాలో ఒక గుండ్రం, దాని కింద ఒక కొక్కెం. ఇదీ ఒకవైపు మాత్రమే పనిచేసే పరీక్ష. రెండు గుండ్రాల g కనిపిస్తే ఫ్యూచురా కుటుంబాన్ని పక్కన పెట్టేయొచ్చు. కొక్కెం g కనిపిస్తే ఏమీ తేలదు, ఎందుకంటే ఫ్రూటిగర్, మిరియాడ్ లాంటి హ్యూమనిస్ట్ ఫాంట్లకూ కొక్కెం g యే ఉంది.

t లో ఫ్యూచురా మరీ నిక్కచ్చిగా ఉంటుంది. ఒక నిలువు గీత, ఒక అడ్డగీత, కింద ఏ వంపూ లేదు. గిల్ సాన్స్ t కింద కుడి వైపు వంపు తిరుగుతుంది, అడ్డగీత ఎడమ వైపు పైకి ఏటవాలుగా కోసినట్టు కలుస్తుంది. ఆ ఏటవాలు కోత కలం మొన వదిలిన గుర్తు. వంపు లేని t ఉంటే జామెట్రిక్ అనే మాటకు బలం చేకూరుతుంది. ఏటవాలు కోత ఉన్న t ఉంటే అది ఫ్యూచురా కాదని మాత్రమే చెప్పాలి. ఏరియల్ t పైన కూడా అలాంటి కోత ఉంది, ఏరియల్ ఈ రెండు వర్గాల్లో దేనిదీ కాదు.

హెల్వెటికా, ఏరియల్, ఫోన్లలో కనిపించే రోబోటో మూడో వర్గం. వాటిలో a రెండంతస్తులదే, o మాత్రం వృత్తం కాదు, కాస్త నిలువుగా ఉంటుంది. వాటిని హ్యూమనిస్ట్ నుంచి విడదీయాలంటే c, e, s చివర్లు చూడాలి. హెల్వెటికాలో ఆ చివర్లు లోపలికి ముడుచుకుని, అడ్డంగా కోసినట్టు ఆగుతాయి, నోరు దాదాపు మూసుకున్నట్టు ఉంటుంది. ఫ్రూటిగర్, ఓపెన్ సాన్స్‌లలో ఆ నోరు బాగా తెరిచి ఉంటుంది.

సాగదీసిన బోర్డు

ఇప్పుడు అసలు చిక్కు. ఫ్లెక్స్ షాపుల్లో అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు ఉండటం అరుదు. బోర్డు పది అడుగులు ఉంటుంది, పేరు ఏడు అడుగులకే అయిపోతుంది. మిగిలిన చోటు నింపడానికి పక్క హ్యాండిల్ పట్టుకుని లాగుతారు. అక్షరం ఎత్తు మారదు, వెడల్పు పెరుగుతుంది. అప్పుడు వృత్తం వృత్తంగా ఉండదు. ఫ్యూచురా o అడ్డంగా సాగిన కోడిగుడ్డు అవుతుంది, o గుండ్రంగా ఉందా లేదా అనే పరీక్ష దండగైపోతుంది. ఫోన్ పక్కనుంచి పెట్టి తీసిన ఫొటోలో కూడా ఇలాంటి గొడవే, కాకపోతే అందులో వెడల్పు తగ్గుతుంది.

అందుకే o ఆకారాన్ని చివరి సాక్షిగానే తీసుకోవాలి. a కి అంతస్తులు ఎన్ని, u కి గీత ఉందా, g కి గుండ్రాలు ఎన్ని, t కింద వంపు ఉందా, ఈ నాలుగూ అక్షరాన్ని ఎంత సాగదీసినా మారవు. ఒంటి అంతస్తు a ని పదడుగులకు లాగినా ఒంటి అంతస్తే. వర్గాన్ని ఈ నాలుగింటితో తేల్చి, కొలతలు తర్వాత చూడాలి.

సాగదీశారో లేదో తెలుసుకునే మార్గం కూడా అక్షరాల్లోనే ఉంది. అడ్డంగా లాగినప్పుడు నిలువు గీతలు లావెక్కుతాయి, అడ్డగీతలు మాత్రం ఉన్నట్టే ఉంటాయి. t లో నిలువు గీత మందాన్ని అడ్డగీత మందంతో పోల్చండి. మామూలుగానే నిలువు గీత కొంచెం లావుగా గీస్తారు, కంటికి రెండూ సమానంగా కనిపించడానికి. ఆ కొంచెం దాటి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే సాగదీసినట్టే. i మీద గుండ్రని చుక్క కోడిగుడ్డులా ఉంటే ఇంకో రుజువు దొరికినట్టు.

ఒక పని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. రొయ్యల మేత అమ్మే షాపు ఒకటి మొగల్తూరులో ఉందనీ, నరసాపురంలో ఇంకో షాపు తెరుస్తోందనీ, పాత బోర్డు అక్షరాలతోనే కొత్త బోర్డు కావాలనీ అనుకుందాం. బోర్డు కింది వరసలో Mogalturu అని ఉంది. ఫొటో ఎదురుగా నిలబడి తీసినదే, కాబట్టి కోణం గొడవ లేదు.

ఫొటోను కోరల్‌డ్రాలోకి తెచ్చి లాక్ చేస్తారు. ముందు చూసేది a. ఒంటి అంతస్తుదే. u రెండు చోట్లా కింద గీత లేకుండా ఉంది. g కొక్కెం, t నిక్కచ్చి శిలువ. గిల్ సాన్స్ ఇక్కడే పోటీ నుంచి తప్పుకుంది. u కి గీత లేదు కాబట్టి అవాంట్ గార్డ్ కూడా పోయింది. మిగిలింది ఫ్యూచురా, సెంచరీ గోథిక్, వాటి నకళ్లు.

ఇప్పుడు కొలతలు. o చుట్టూ ఒక బాక్స్ గీసి చూస్తే ఎత్తు 100 అయితే వెడల్పు 115 వచ్చిందనుకుందాం. t నిలువు గీత కూడా అడ్డగీత కన్నా బాగా లావుగా ఉంది. రెండూ ఒకే మాట చెబుతున్నాయి, ఇది సుమారు 15 శాతం సాగదీసిన బోర్డు. 100ని 115తో భాగిస్తే దాదాపు 0.87. ఫొటో వెడల్పును 87 శాతానికి తగ్గిస్తే అక్షరాలు తమ అసలు ఆకారానికి దగ్గరకొస్తాయి. అచ్చంగా అదే అంకె అని పట్టుబట్టకూడదు. జామెట్రిక్ అని పేరున్నా o నూటికి నూరు పాళ్లూ కంపాస్ వృత్తం కాదు, గీసినవాళ్లు కంటికి నచ్చేలా అక్కడక్కడా సవరిస్తారు.

ఫ్యూచురా, సెంచరీ గోథిక్ మధ్య తీర్పు చెప్పే కొలత మాత్రం ఈ సాగదీతతో సంబంధం లేనిది. అది ఎత్తుల నిష్పత్తి. అడ్డంగా లాగినప్పుడు ఎత్తులు మారవు కదా. చిన్నక్షరం ఎత్తును r తో కొలవాలి, o తో కాదు. గుండ్రని అక్షరాలు పైన, కింద గీత దాటి కొంచెం బయటికి వస్తాయి, లేకపోతే పక్కవాటి కన్నా చిన్నగా కనిపిస్తాయి. r నిలువు గీతకు పైనా కిందా చదునే కాబట్టి కొలత నిఖార్సుగా వస్తుంది. పెద్దక్షరం ఎత్తుకు M సరిపోతుంది, కాకపోతే ఫ్యూచురా M కు మొనలు గీత దాటుతాయి కనుక, బోర్డు మీద E గానీ H గానీ ఉంటే అదే మేలు.

ఈ బోర్డులో r ఎత్తు 100, పెద్దక్షరం ఎత్తు 134 వచ్చాయనుకుందాం. అంటే చిన్నక్షరం పెద్దదానిలో 75 శాతం. సెంచరీ గోథిక్ నిష్పత్తి సరిగ్గా ఆ దరిదాపుల్లో ఉంటుంది. ఫ్యూచురాలో చిన్నక్షరాలు పొట్టి, 60 శాతం దగ్గర తిరుగుతాయి, l మాత్రం పెద్దక్షరం కన్నా స్పష్టంగా పైకి పొడుచుకొస్తుంది. ఈ రెండు అంకెల మధ్య దూరం ఎంత ఉందంటే, కొలతలో కాస్త అటూఇటూ అయినా తీర్పు మారదు. ఇది సెంచరీ గోథిక్ లేదా దాని నకలు.

చివరి పని పైన పరిచి చూడటం. F8 నొక్కి Mogalturu టైప్ చేసి, ఫాంట్ సెంచరీ గోథిక్ పెట్టి, రంగుల పట్టీలో X మీద ఎడమ క్లిక్‌తో లోపలి రంగు తీసేసి, ఎరుపు మీద కుడి క్లిక్‌తో అంచు గీత ఇస్తారు. మూల హ్యాండిల్‌తోనే సైజు సరిచేసి M ని M మీద కూర్చోబెడతారు. పక్క హ్యాండిల్ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే సరిపోనిది కూడా సరిపోయినట్టు కనిపిస్తుంది. చివరి u దాకా ఎర్ర గీత అంచుల వెంటే వెళ్తే పని అయినట్టే. అక్షరాల ఆకారం కుదిరి, వాటి మధ్య ఖాళీలు మాత్రం క్రమంగా జారుతుంటే ఫాంట్ సరైనదే, పాత డిజైనర్ ఎడం మార్చాడని అర్థం. ఖాళీలు కుదిరి ఒకటి రెండు అక్షరాలు మాత్రమే తేడాగా ఉంటే నకలు ఫాంట్ అని అనుమానించాలి.

ఆఫీస్ ఉన్న కంప్యూటర్లలో Century Gothic, Gill Sans MT, Tw Cen MT తరచూ ఉంటాయి. మూడోది అమెరికాలో ఫ్యూచురాకు పోటీగా వచ్చిన ట్వెంటియత్ సెంచరీ. ఫ్యూచురా లేని చోట దాన్ని పెట్టుకుంటారు, కానీ పాత బోర్డు పక్కన పెడితే తేలిపోతుంది. కోరల్‌డ్రాతో వచ్చిన బిట్‌స్ట్రీమ్ ఫాంట్లలో వర్గం పేరే మెనూలో కనిపిస్తుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. Humanst521 BT అంటే గిల్ సాన్స్‌కు బిట్‌స్ట్రీమ్ పెట్టుకున్న పేరు. Humnst777 BT అంటే ఫ్రూటిగర్, Swis721 BT అంటే హెల్వెటికా, Geometr231 BT అంటే కాబెల్. గిల్ సాన్స్ లేదని వెతికి వెతికి విసిగేవాళ్ల మెనూలోనే అది ఇంకో పేరుతో ఉండొచ్చు.

బోర్డు తయారీ చేసే అల్లరి

ఫాంట్‌ను కంప్యూటర్‌లో చూడటం వేరు, బోర్డు మీద చూడటం వేరు. అక్రిలిక్ అక్షరాలను రూటర్ మీద కోస్తే బయటి మూలలు పదునుగానే వస్తాయి, లోపలి మూలలు మాత్రం బిట్ ఎంత లావుంటే అంత గుండ్రపడతాయి. M లోపలి సందు, A లోపలి మూల మొద్దుగా కనిపించడం అందుకే, దాన్ని ఫాంట్ లక్షణం అనుకోకూడదు. స్టీల్ పట్టీ వంచి చేసే ఎల్ఈడీ అక్షరాల్లో బయటి మొనలు కూడా మొద్దుబారతాయి. ఫ్యూచురా సన్న రకాల్లో A, M మొనలు సూదిలా ఉండటం గొప్ప గుర్తు, కానీ లావు రకాల్లో అదే మొన చదునైపోతుంది. కాబట్టి మొన ఉంటే ఫ్యూచురా వైపు అనుకోవచ్చు, లేదని కాదనేయకూడదు.

రాత్రి వెలిగే బోర్డు ఫొటో ఇంకా ప్రమాదం. వెలుగు పొంగి గీతలు లావెక్కుతాయి, e, a ల నోళ్లు మూసుకుపోయి ఓపెన్ సాన్స్ కూడా హెల్వెటికాలా కనిపిస్తుంది. పగటి ఫొటో అడిగి తెప్పించుకోవడం ఒక్కటే దారి. ఫ్లెక్స్‌లో అక్షరం చుట్టూ తెల్ల అంచు, ఎర్ర అంచు వేసినప్పుడు కూడా లోపలి ఆకారాన్నే చూడాలి, అంచు బయటి గీత మూలలను గుండ్రం చేసేయొచ్చు.

ఏ వర్గం ఎక్కడ వాడాలన్న ప్రశ్న కూడా ఈ అక్షరాలతోనే ముడిపడి ఉంది. ఒంటి అంతస్తు a కి, o కి మధ్య తేడా ఒక్క నిలువు గీత. మన ఊరి పేర్లలో a లు కుప్పలు. Amalapuram అని ఫ్యూచురాలో సన్నగా రాసి, దాన్ని బస్సులో వెళ్తూ యాభై అడుగుల దూరం నుంచి చదవాలంటే a లు o ల్లా కలిసిపోతాయి. షాపు పేరు పెద్దగా ఒక్క ముక్కలో ఉన్నప్పుడు జామెట్రిక్ ఫాంట్ చాలా అందంగా ఉంటుంది. అడ్రసు, ఊరు, కింద చిన్నగా రాసే వివరాలకు రెండంతస్తుల a ఉన్న హ్యూమనిస్ట్ ఫాంటే మంచిది. ఫ్రూటిగర్ కూడా పారిస్‌లోని చార్ల్స్ డి గాల్ విమానాశ్రయం బోర్డుల కోసం పుట్టిన అక్షరాలే, అమ్మకానికి ఫాంట్‌గా వచ్చింది 1976లో.

అన్నీ పెద్దక్షరాలే ఉన్న బోర్డు వచ్చినప్పుడు చేతిలో మిగిలే ఆధారాలు తక్కువ. ఫ్యూచురా, గిల్ సాన్స్ ఈ రెండింటి మధ్యే అనుమానం ఉంటే M చూడాలి. ఫ్యూచురా M కాళ్లు బయటికి చాచి ఉంటాయి, మధ్య మొన కింది గీత దాకా దిగుతుంది. గిల్ సాన్స్ M కాళ్లు నిటారుగా ఉంటాయి, మధ్య మొన సగం ఎత్తులోనే ఆగిపోతుంది. ఆ తర్వాత R. ఫ్యూచురా R కాలు స్కేలు పెట్టి గీసినట్టు నేరుగా దిగుతుంది. గిల్ సాన్స్ R కాలు పొట్టలోంచి బయటికి చాచుకుని, కాస్త వంపుతో సాగుతుంది. NARSAPURAM లో M, R రెండూ ఉన్నాయి. ELURU లో R ఒక్కటే. TUNI లో రెండూ లేవు, అలాంటి పేరు ఒక్కటే ఉన్న ఫొటోతో తీర్పు చెప్పకుండా, బోర్డు మీద మిగతా వరసలు కూడా ఫొటో తీసి పంపమని అడగాలి.

ఆ మిగతా వరసల్లో ఫోన్ నంబర్ తప్పకుండా ఉంటుంది. దానిలో 1 చూడండి. ఫ్యూచురాలో 1 పైన ఎడమ వైపు చిన్న ఏటవాలు గీత ఉంటుంది. గిల్ సాన్స్ అసలు రూపంలో 1 ఒట్టి నిలువు గీత, పెద్ద I కి, చిన్న l కి, దానికి తేడా చెప్పలేరు. ఆ గీత తగిలించిన ప్రత్యామ్నాయ 1 ఉన్న గిల్ సాన్స్ రకాలు కూడా వచ్చాయి కాబట్టి, ఏటవాలు గీత ఉన్నంత మాత్రాన గిల్ సాన్స్ కాదనలేం. ఒట్టి గీత 1 కనిపిస్తే మాత్రం, M మధ్య మొన కూడా సగంలో ఆగి ఉంటే, మెనూలో Gill Sans MT, Humanst521 BT రెండూ పక్కపక్కన పరిచి చూడాలి.